ఆ రిపోర్టు ఏ సీసాది?

బరంపురం నుంచి భువనేశ్వర్ వైపు వెళ్ళే హైవే మీద, చిలికా ఒడ్డున ఉంటుంది రంభ. ఆ బజారులో తెలుగు మాట్లాడే ఒకాయన కిరాణా కొట్టులో మూడు రకాల తేనె ఉంది: పేరున్న కంపెనీ సీసా, లేబులే లేని సీసాలో కొండతేనె, దగ్గరి ఊళ్ళో తేనెటీగలు పెంచే రైతు సీసా. రైతు ఇచ్చిన ల్యాబ్ రిపోర్టు కాపీని లామినేషన్ చేయించి గోడకు తగిలించారు.

"మీకు అనుమానంగా ఉంటే కంపెనీదే పట్టుకెళ్ళండి బాబూ" అన్నారు కొట్టాయన.

నేను ఒప్పుకోలేకపోయాను. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెను పరీక్షలకు పంపించింది. పెద్ద బ్రాండ్లు చాలావరకు గుజరాత్‌లో చేసిన మామూలు పరీక్షలు దాటేశాయి. జర్మనీలో చేసిన ఎన్.ఎం.ఆర్. పరీక్షకు వెళ్ళేసరికి మొత్తం 13లో 10 తప్పాయి. కంపెనీలు ఆ ఫలితాలను ఖండించాయి. నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇంకో సంగతి. ఉత్తరాఖండ్‌లోని జస్‌పూర్‌లో 'ఆల్ పాస్' అనే మారుపేరుతో అమ్ముతున్న సిరప్‌ను ఆ సంస్థవాళ్ళు కొని, మంచి తేనెలో సగానికి సగం కలిపి పరీక్షకు ఇచ్చారు. అదీ పాసైంది.

ఎలా పాసైందో, కొట్టులో రిపోర్టు పెట్టిన ఆ రైతు ఊరికి వెళ్ళి ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని ఆ రిపోర్టు చదువుతుంటే స్పష్టంగా కనిపించింది. అందులో తేనె కార్బన్ విలువ మైనస్ 25.2, తేనెలోని ప్రోటీన్ విలువ మైనస్ 25.5 అని ఉంది. చెరకు, మొక్కజొన్న గాలిలోని కార్బన్‌ను పట్టుకునే తీరు వేరు, తేనెటీగలు వాలే పూలమొక్కల్లో చాలావాటి తీరు వేరు. అందుకే చెరకు పాకం కలిస్తే తేనె విలువ మైనస్ 10 వైపు జరుగుతుంది. ప్రోటీన్ ఈగల నుంచీ పుప్పొడి నుంచీ వచ్చేది కాబట్టి కదలదు. తేడా 0.3 ఉంటే చెరకు చక్కెర లెక్క రెండు శాతం లోపే. అదే తేనె విలువ మైనస్ 24 అయితే తొమ్మిది శాతం దాటుతుంది, మన ఆహార ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు ఏడు. అయితే వరి, బీట్‌రూట్ కార్బన్ పట్టుకునే తీరు ఆ పూలమొక్కల తీరే. వాటి సిరప్ ఎంత కలిపినా ఈ అంకె దాదాపు కదలదు. వరి సిరప్‌కు వేరే పరీక్షలున్నాయి, వాటినీ దాటేలా సిరప్ తయారుచేసేవాళ్ళూ ఉన్నారు. నీళ్ళలో చుక్క వేసి చూడడం ఇక్కడ ఎందుకూ కొరగాదు, చిక్కటి సిరప్ కూడా తేనెలాగే అడుక్కు దిగుతుంది.

రిపోర్టులో తేమ 19 శాతం అని ఉంది. హద్దు 20. రైతు పెట్టె మూత తీసి ఒక ఫ్రేము పైకెత్తి చూపించారు. పై సగం గదులన్నీ తెల్లటి మైనం మూతలతో బిగుసుకుపోయి ఉన్నాయి, కింది గదుల్లో తేనె ఇంకా తళతళలాడుతోంది.

"ఇది ఇప్పుడు తీస్తే పలచగా ఉంటాది బాబూ, పులిసిపోతాది. మూత పడేదాకా ముట్టుకోం."

ఆ ఫ్రేము చూశాక ఆయన మీద నాకు అనుమానం లేదు. ఆ రిపోర్టు మీద మాత్రం ఉంది. కింద చిన్న అక్షరాల్లో 'నమూనా వినియోగదారు ఇచ్చినది, ఫలితం ఆ నమూనాకే వర్తిస్తుంది' అనే అర్థంలో ఒక వాక్యం ఉంది. అంటే ల్యాబువాళ్ళు కొట్టుకు వచ్చి సీసా తీసుకెళ్ళలేదు. తేదీ రెండేళ్ళ కిందటిది. బ్యాచ్ నంబరు గడి ఖాళీ. ఎన్.ఎ.బి.ఎల్. గుర్తింపున్న ల్యాబే, రిపోర్టు నంబరూ ఉంది, కానీ ఇప్పుడు అరలో ఉన్న సీసాకూ ఆ కాగితానికీ ముడిపెట్టేది ఏదీ లేదు. మోసగాడైనా ఇలాంటి కాగితమే తగిలించగలడు.

లేబులు మీద 14 అంకెల లైసెన్సు నంబరు ఉంది. ఫోన్‌లో వెతికితే ఆయన పేరూ ఊరూ వచ్చాయి. ఆ నంబరుతో తయారుచేసినవాడెవడో తెలుస్తుంది, అంతే. సీసాలో ఏముందో తెలియదు. కొండతేనె సీసా మీద ఆ మాత్రం కూడా లేదు, ఫిర్యాదు చేయాలన్నా ఎవరి మీద చేయాలి?

ఎన్.ఎం.ఆర్. మాట చెప్తే రైతు తల అడ్డంగా ఊపారు. అమెరికాకు ఎగుమతి అయ్యే తేనెకు 2020 ఆగస్టు నుంచి ఆ పరీక్ష తప్పనిసరి చేశారు, మనం ఇక్కడ తినేదానికి కాదు. కొన్ని పెట్టెలే ఉన్న మనిషిని ఆ ఖర్చు పెట్టమనడం న్యాయం కాదు. పెద్ద కంపెనీలను అడగడం న్యాయమే, ఒక్కో బ్యాచ్‌కూ.

ఆయన చేయగలిగేది ఒకటుంది. ఒక రోజు తీసిన తేనెకంతా ఒకే నంబరు వేయడం, ఆ నంబరున్న సీసానే ల్యాబుకు పంపడం, అదే నంబరు రిపోర్టులో రాయించడం.

"స్టిక్కరు మీద ఎక్కడ వేయించమంటారు?" అని అడిగారు.

లైసెన్సు నంబరు పక్కనే అన్నాను.