కిరాయింటి సామాను

2020 అక్టోబరు వానల్లో హాఫిజ్ బాబా నగర్‌లో మా ఖాలా వాళ్ల కిరాయింట్లోకి నడుము లోతు నీళ్లొచ్చాయి. నీళ్లు తీశాక మాలిక్ వచ్చి గోడలు తట్టి చూసుకుని, తన ఇంటికి బీమా ఉందని చెప్పి వెళ్లాడు. ఖాలా నన్నడిగింది: "బేటా, దాంట్లో మన సామానుకీ ఏమైనా వస్తుందా?"

రాదు. మాలిక్ పాలసీ గోడలకి, కప్పుకి. లోపలి సామాను మనది, దాని జిమ్మేదారీ కూడా మనదే. ఖాలా చేతికి వచ్చింది సర్కారు ఇచ్చిన 10,000 రూపాయలే. ఫ్రిజ్ కూడా రాదు దాంతో.

బీమా జాయజా, నాజాయజా అనే బహస్ ఆలిమ్‌లకు వదిలేస్తున్నా. కిందటేడాది నేనూ ఓ పాలసీ తీసుకున్నాను. 2021 ఏప్రిల్ నుంచి కంపెనీలన్నీ అమ్ముతున్న భారత్ గృహ రక్షలో కిరాయిదారు ఇల్లు వదిలేసి సామానుకు మాత్రమే తీసుకోవచ్చు. నిప్పు, వరద, తుఫాను, భూకంపం, అల్లర్లు అన్నీ అందులో ఉన్నాయి. చోరీ కూడా ఉందన్నాడు ఏజెంటు. కాగితం చదివితే అసలు సంగతి తెలిసింది. వరదో, నిప్పో వచ్చిన ఏడు రోజుల్లో, ఆ గందరగోళంలో పోయిన సామానుకే అది. మనం పెళ్లికి ఊరెళ్తే తాళం పగలగొట్టి దోచుకుంటే రాదు. దానికి దొంగతనం కవర్ వేరుగా అడిగి తీసుకోవాలి. అందులోనూ మామూలుగా తలుపో, తాళమో పగలగొట్టిన ఆనవాలు, పోలీసు ఎఫ్ఐఆర్ చూపమంటారు. తలుపు తెరిచి పెట్టుకుని నిద్రపోతే అల్లాయే హాఫిజ్.

ఎంతకు చేయించాలి? పాత ధర కాదు, ఇవాళ బజారులో మళ్లీ కొనే ధర వేసుకున్నాను. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, టీవీ 80,000. మంచాలు, పరుపులు, బీరువాలు 90,000. బట్టలు, వంటింటి సామాను, బేగం కుట్టుమిషన్ 95,000. మొత్తం 2,65,000. మూడు లక్షలకు చేయించాను. బంగారం ఇందులో కలవదు. దానికి వేరే కవర్ ఉంటుంది గానీ, మాకున్న కొంచెం బ్యాంకు లాకర్లో పెట్టేశాం.

ప్రతి గదినీ ఫోనులో వీడియో తీసి, బిల్లులతో కలిపి చెల్లెలికి పంపాను. నా ఫోను కూడా నీళ్లలో మునగొచ్చు కదా. ఖాలా చేసిన గల్తీ ఒకటుంది. తడిసిన పరుపులు మర్నాడే చెత్తబండికి ఇచ్చేసింది. పాలసీ ఉన్నా, సర్వేయరు వచ్చి చూసేదాకా వాటిని పారేయకూడదు. వాసన భరించలేకపోతే ఫొటోలు తీసి, కంపెనీని అడిగాకే.

నగదు, దస్తావేజులు, చేతిరాత పుస్తకాలు పాలసీలో లేవు. మా అబ్బా షేర్లు రాసుకున్న బయాజ్ ఇన్నాళ్లూ బీరువా కింది అరలో ఉండేది. పాలసీ వచ్చిన రోజే దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పెట్టాను.