జోగ్ ఫోటోలో నెల వెతకడం

జోగ్ జలపాతం గురించి జనం రాసిన రివ్యూలు వరసగా చదివితే మూడు వేర్వేరు ఊళ్ళ సంగతి చదువుతున్నట్టుంటుంది. ఒకాయన జన్మ ధన్యమైందంటాడు. ఇంకొకాయన, అంత దూరం పోతే బండ తడవడానికి కూడా నీళ్ళు లేవని తిట్టిపోస్తాడు. మరొకావిడ తెల్లటి పొగమంచు తప్ప ఏమీ చూడలేదంటుంది. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒకరు వాన జోరు తగ్గాక వెళ్ళారు, ఒకరు నడివేసవిలో, ఒకరు జోరువానలో. ఈ మూడింటినీ కూడి సగటు తీసి చుక్కలిస్తే ఆ సగటు ఏ నెలకీ వర్తించదు. అందుకే నేను చుక్కల జోలికి పోను.

కర్ణాటకలో శరావతి నది 253 మీటర్ల ఎత్తు నుంచి దూకే చోటు అది. దానికి కొద్ది కిలోమీటర్ల ఎగువన లింగనమక్కి ఆనకట్ట ఉంది. 1964లో అది వచ్చాక నది నీళ్ళలో ఎక్కువ భాగం కరెంటు తయారీకి మళ్ళుతోంది. జలపాతానికి దక్కేది, ఆనకట్టకి దిగువన కురిసిన వాన, గేట్లు ఎత్తితే వచ్చే వరద. తొలి వానలన్నీ జలాశయం నిండడానికే సరిపోతాయి. పూర్తి మట్టం 1819 అడుగులు. దాని దగ్గరకొస్తేనే గేట్లు లేస్తాయి, వాన తక్కువైన ఏడాది అసలు లేవవు. ఈ సంగతి ఒక్క రివ్యూలోనూ కనపడదు గానీ, ఇది తెలియకపోతే ఏ ఫోటోకీ అర్థం తెలియదు.

మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి ఒక రివ్యూలోని ఫోటో పంపాడు. "మావయ్యా, సంక్రాంతి సెలవులకి గోకర్ణ, మురుడేశ్వర్, అట్నించి ఇది. ఎలా ఉంది?" అన్నాడు. ఫోటో అద్భుతం. కొండ అంచు మొత్తం ఒకే తెరలా నీళ్ళు.

"అందులో పాయలెన్నున్నాయో లెక్కపెట్టరా" అన్నాను.

జోగ్‌లో పాయలు నాలుగు: రాజా, రోరర్, రాకెట్, రాణి. మామూలు వానాకాలంలో నాలుగూ విడివిడిగా, నురగ తెల్లగా కనిపిస్తాయి. నాలుగూ కలిసిపోయి, నీళ్ళు మట్టి రంగులో ఉన్నాయంటే అది వరద, బహుశా గేట్లు ఎత్తిన రోజు. ఏ ఏడాదైనా అలాంటివి కొద్ది రోజులే. జనవరిలో నాలుగుచోట్లా సన్నటి ధారలు మిగిలితే అదే భాగ్యం. బండల మీద గడ్డి రంగు కూడా చూడమన్నాను. పచ్చగా ఉంటే వాన రోజులు, పండిపోయి ఉంటే చలికాలం దాటింది. నీళ్ళు పట్టు చీర జారినట్టు నున్నగా కనిపిస్తే కెమెరా రెప్ప ఎక్కువసేపు తెరిచి తీశారన్నమాట. అలా తీస్తే చిన్న ధార కూడా నిండుగా కనిపిస్తుంది, ఎన్ని నీళ్ళున్నాయో అందులో తేలదు.

"మరి రివ్యూ మూడు నెలల కిందటిదే కదా?" అన్నాడు. ఆ తేదీ రాసినది, చూసినది కాదు. వానాకాలంలో వెళ్ళి సంక్రాంతికి తీరిగ్గా ఫోటోలు ఎక్కించేవాళ్ళకి కొదవలేదు. మాటల్లో గొడుగు, జలగలు, బురద ఉన్నాయా, ఎండ, దాహం ఉన్నాయా అన్నది తేదీ కంటే నమ్మకమైన సాక్ష్యం. కిందికి దిగే మెట్లు మూసేశారని విసుక్కున్నారంటే జోరువానలో వెళ్ళినట్టే. ఆ మెట్లు దాదాపు 1400. "పైకి వచ్చేసరికి మోకాళ్ళు పోయాయి" అన్న రివ్యూ ఉంటే మెట్లు తెరిచే ఉన్నాయి, అంటే వాన లేదు, నీళ్ళూ తక్కువే.

పొగమంచు సంగతి ఫోటోలు ఎప్పటికీ చెప్పవు. జులైలో గంటల తరబడి లోయంతా తెల్లగా మూసుకుపోతుంది, పది నిమిషాలు తెర తొలగుతుంది, మళ్ళీ మూసుకుంటుంది. ఎక్కించేది ఆ పది నిమిషాల ఫోటోలే, తెల్ల గోడని ఎవరు ఎక్కిస్తారు? ఎంతసేపు వేచి ఉన్నారో రాసిన వాళ్ళ మాటే ఇక్కడ విలువైనది. రెండు చుక్కలిచ్చి రెండు పేరాలు రాసిన మనిషి, అయిదు చుక్కలిచ్చి "సూపర్" అన్న వాళ్ళకంటే నాకు ఎక్కువ ఉపకారం చేశాడు.

ఇంత విన్నాక వాడు జోగ్ మానేస్తాడేమో అనుకున్నాను. వాడి కూతురికి మాత్రం నీళ్ళకంటే ఆ మెట్లు దిగి బండగోడ అడుగున నిలబడాలని ఉందట. అలాగైతే జనవరే సరైన నెల, మెట్లు ఆ రోజుల్లో తెరిచి ఉన్నాయో లేదో ముందురోజు అక్కడి హోటల్‌వాళ్ళకి ఫోన్ చేసి అడగమన్నాను. వరద తెర కావాలంటే మాత్రం ఆగస్టు నుంచి కన్నడ పత్రికల్లో లింగనమక్కి మట్టం చూస్తుండాలి. 1819కి దగ్గరపడ్డాకే టిక్కెట్లు కొనాలి, రెండు రోజులు అదనంగా సెలవు పెట్టుకోవాలి. వాడి ఆఫీసులో అలాంటి సెలవు దొరకదు.