మద్రాస్ ఐ అనుకున్నాం

పోయిన చలికాలం ఒక రాత్రి, లైట్లు ఆర్పి టీవీ చూస్తున్న మా అవ్వకు ఉన్నట్టుండి కుడికన్ను పొడిచినట్లు నొప్పి. కన్ను ఎర్రగా అయింది. పక్కింటామె మద్రాస్ ఐ అనింది, మేమూ అదే అనుకున్నాం. గంటలోపే తలనొప్పి, రెండు వాంతులు. వీధి చివర క్లినిక్‌లో గ్యాస్ అని ఇంజెక్షన్ వేసి పంపారు.

తిరిగి వస్తుంటే ఆటోలో అవ్వ అనింది: "దీపాల చుట్టూ హరివిల్లు మాదిరి కనిపిస్తా ఉంది రా." మద్రాస్ ఐలో పుసి కడుతుంది, గరగరలాడుతుంది, వాంతులు రావు కదా. టెస్టింగ్ పని చేసే మేమే కడుపు వైపు చూస్తూ కూర్చున్నాం! ఆటోను మింటో కంటి ఆసుపత్రికి తిప్పించాం.

కంటి ఒత్తిడి 54 ఉంది, మామూలుగా 21 దాటకూడదు. డాక్టరమ్మ కన్నడలో చెప్పింది మాకు బడి భాష కాబట్టి అర్థమైంది; అవ్వకు తెలుగులో చెప్పడానికే తడబడ్డాం. "సింకులో కొళాయి తిరిగే ఉంది అవ్వా, తూము మూసుకుంది. చీకట్లో కంటిపాప పెద్దదై, దాని చుట్టూ ఉండే పొర ఆ దారికి అడ్డం పడింది."

చుక్కలు, మాత్రలు, మానిటాల్ సెలైన్‌తో ఒత్తిడి దించారు. తర్వాత కంటిపాప చుట్టూ ఉండే పొరకు లేజర్‌తో సన్న రంధ్రం వేశారు. రెండో కన్నూ అదే కట్టడం కాబట్టి దానికీ వేశారు. కుడికంట్లో కొంత చూపు పోయింది, అది రాలేదు.

ఇది రక్తసంబంధీకుల్లోనూ ఉండొచ్చని అమ్మనూ చూపించాం. ఆమెకూ దారి ఇరుకేనట. వచ్చే వారం లేజర్.