మామూ చెప్పిన ‘పర్సోం’

పోయిన సెప్టెంబర్ ఆఖర్లో ఒక శనివారం పొద్దున, మోతీనగర్‌లో మా గల్లీ మూల మీద చాయ్ తాగుతూ మామూ పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. ఆరు నిమిషాల నలభై సెకన్లు. సలాం, ఖైరియత్, ముమానీ మోకాళ్ల నొప్పి, యూరియా కోసం లైన్లో నిలబడిన కిస్సా అన్నీ అయ్యాక అసలు మాట వచ్చింది. "ఫసల్ బర్బాద్ అయింది బేటా. పత్తికి తెగులొచ్చింది. పర్సోం మందు కూడా కొట్టిన. బారిష్ పడ్డది, ధూప్ కొట్టింది, చెట్లు తలకాయలు వాల్చినయ్."

మామూది సదాశివపేట వైపు నల్లరేగడిలో రెండెకరాల పత్తి. నాకు తెలిసిన వ్యవసాయ శాస్త్రవేత్త మేడమ్ ఒకరున్నారు. ఆరు నిమిషాలు వినే ఫుర్సత్ ఆమెకుండదని నేనే కుదించి రాశాను: "రెండెకరాల పత్తి. ఎండు తెగులు. మొన్న మందు కొట్టారు. వాన తర్వాత చెట్లు వాలాయి."

ఆమె వెంటనే ఫోన్ చేశారు. "తెగులని ఎవరన్నారు? మీ మామయ్య కళ్లతో ఏం చూశారో అది చెప్పండి. మందు మొన్ననే కొట్టి, నిన్న ఆకు వాలిందంటే నా అనుమానం ముందు మందు మీదికే పోతుంది. వాన ఎప్పుడు ఆగింది? మొదటి చెట్టు ఎప్పుడు వాలింది?"

నా దగ్గర జవాబు లేదు. తెగులన్న మాట దుకాణందారుది, మామూ దాన్నే తిరిగి చెప్పాడు. ఇక పర్సోం సంగతి మనకు తెలియనిదా? లెక్క ప్రకారం మొన్న. కానీ మన జుబాన్‌లో పోయిన నెల జరిగిన షాదీ పర్సోమే, పదేళ్ల కింద పోయిన నానీ కూడా పర్సోమే. నేను దాన్ని సీదాగా మొన్న అని రాసేశాను.

మామూకి ఫోన్ కలిపాను. తారీఖులు అడిగితే తడబడ్డాడు గానీ, నమాజ్ వేళలతో అడిగితే గడియారంలా చెప్పాడు. మందు కొట్టింది గణేశ్ నిమజ్జనం కంటే ముందు. ఆ తర్వాత ఇరవై రోజులు చినుకు లేదు. బుధవారం ఇషా తర్వాత మొదలైన వాన గురువారం సాయంత్రం దాకా పడింది, సాళ్లలో నీళ్లు నిలిచాయి. శుక్రవారం ఎండ మండింది. జుమాకి వెళ్లేటప్పుడు చెట్లు బాగానే ఉన్నాయి, మగ్రిబ్ కల్లా వాలాయి.

మేడమ్ చెప్పమన్నట్టే రెండు చెట్లు పీకి చూడమన్నాను. సులువుగా ఊడొచ్చి, వేరు బెరడు పీచులా వలిచినట్టుంటే వేరుకుళ్లు. కాండం చీలిస్తే లోపల గోధుమ రంగు చారలుంటే ఎండు తెగులు, అది మెల్లగా వస్తుంది. మామూ చెట్టు బలంగా లాగితే గానీ రాలేదు. లోపల తెల్లగా ఉంది.

రెండోసారి ఇలా రాశాను:

"జూన్ ఆఖర్లో విత్తిన పత్తి, కాయ దశ. నల్లరేగడి. ఇరవై రోజుల బెట్ట తర్వాత బుధవారం రాత్రి నుంచి గురువారం సాయంత్రం దాకా వాన, నీళ్లు ఇంకా ఉన్నాయి. శుక్రవారం ఎండ. మధ్యాహ్నానికీ సాయంత్రానికీ మధ్య అక్కడొకటి ఇక్కడొకటి చెట్లు వాలాయి. ఆకు ఇంకా పచ్చగానే ఉంది. వేరు గట్టిది, కాండం లోపల తెలుపు. చివరి మందు ఇరవై రోజులకు పైనే. మందు పేరు ఆయనకు గుర్తులేదు."

చివరి వాక్యం తీసేద్దామనుకున్నాను. మేడమ్ మాత్రం, తెలియనిది తెలియదని రాస్తేనే తనకు ఇత్మినాన్ అన్నారు. ఊహించి పేరు రాస్తే దాని మీదే లెక్క కట్టేవారట.

ఈసారి జవాబు రెండు నిమిషాల్లో వచ్చింది: పారావిల్ట్. ఇది క్రిమి వల్ల వచ్చేది కాదు. బెట్ట మీదున్న చెట్టుకు ఒక్కసారిగా నీళ్లు నిలిస్తే వేళ్లకు ఊపిరాడదు, పైన ఎండ నీరు లాగుతుంది, కింది నుంచి వేరు అందించలేదు. ముందు కాలువ తీసి నీళ్లు బయటికి పంపాలి. వాలిన 24 నుంచి 48 గంటల లోపే కోబాల్ట్ క్లోరైడ్ లీటరుకు 10 మిల్లీగ్రాముల చొప్పున పిచికారీ చేస్తే పని చేస్తుంది. అది దొరక్కపోతే 10 లీటర్ల నీళ్లలో 25 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్, 200 గ్రాముల యూరియా కలిపి మొదళ్లలో పోయాలి.

అప్పటికి ఇరవై గంటలు గడిచాయి. కోబాల్ట్ దొరకలేదు. మామూ అసర్ లోపు కాలువ తీసి, రెండో మందు పోశాడు. కొన్ని చెట్లు తేరుకున్నాయి. ఆకు అప్పటికే ఎండిపోయినవి తిరిగి లేవలేదు.

ఇప్పుడు కూడా మామూ మెసేజ్ ఆరు నిమిషాలే ఉంటుంది, ముమానీ మోకాళ్లూ ఉంటాయి. కానీ పర్సోం అన్నాక ఒక్క క్షణం ఆగి, "అంటే జుమాకి ఒకరోజు ముందు బేటా, రాసుకో" అంటాడు.