పన్నెండు మందికి తక్కువైన బ్రెడ్



పోయిన ఏడాది ఆగస్టు 9న, మేం చదువుకున్న ఆశ్రమ పాఠశాలలో పిల్లలకి శాండ్‌విచ్, కొబ్బరి బర్ఫీ పెడతామని మా హాస్టల్ వాళ్లం ముందుకొచ్చాం. పిల్లలు, టీచర్లు, వంటవాళ్లు కలిపి 140 మంది.

మా ఇళ్లల్లో కాలేజీ మెట్టెక్కింది మేమే మొదలు. మా ఊళ్లో పండగ వంటంటే గరిటె లెక్క. జనం ఎక్కువైతే గరిటె కాస్త తగ్గించి వడ్డిస్తారు, అందరికీ అందుతుంది. ముక్కలకి ఆ వీలు లేదని మాకప్పుడు తెలీలేదు.

ప్యాకెట్‌లో 18 స్లైసులున్నాయి. రెండేసి కలిపితే 9 శాండ్‌విచ్‌లు, అడ్డంగా కోస్తే 18 ముక్కలు. 8 ప్యాకెట్లకి 144 వస్తాయి, సరిపోతుందనుకున్నాం. తీరా చేసేటప్పుడు, రెండు చివర్లా ఉండే గట్టి స్లైసులు బాగోవని పక్కన పెట్టేశాం. దాంతో ప్యాకెట్‌కి 16 ముక్కలే వచ్చాయి. మొత్తం 128. లైన్‌లో చివరి పన్నెండు మంది మూడో తరగతి పిల్లలు ఖాళీ ప్లేట్లతో నిలబడ్డారు. అందులో ఒక బాబు కవర్లోకి తొంగి చూసి, "ఆ గట్టివి ఇచ్చినా పర్లేదన్నా" అన్నాడు. మాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఒకప్పుడు ఆ లైన్ చివర నిలబడింది మేమే.

ఈ ఏడాది లెక్క తల కింద నుంచి మొదలుపెట్టాం, అంటే తినేవాళ్ల నుంచి. 140కి పదో వంతు కలిపితే 154. ప్యాకెట్‌కి 16 చొప్పున 10 ప్యాకెట్లు, 160 ముక్కలు. ముక్కలు చిరిగినా, కింద పడినా ఆ ఎక్కువ కాస్తుంది. గట్టి స్లైసుల్ని లెక్కలో వేసుకోలేదు గానీ పారెయ్యలేదు. గోధుమరంగు వైపు లోపలికి తిప్పి కూర పెడితే తేడానే తెలీలేదు. ఆ బాబు చెప్పిందే నిజం.

బర్ఫీ ట్రే 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు. అంచులు పల్చగా, వంకరగా వస్తాయి కాబట్టి చుట్టూ అరంగుళం వదిలేస్తే మిగిలేది 11, 17. రెండేసి అంగుళాలు కొలిచి కోస్తే 5 వరసలు, 8 వరసలు, మొత్తం 40 ముక్కలే. పక్కన అంగుళం పట్టీలు వృథా. అందుకే ముక్క సైజు చూడకుండా వరసలు ముందే అనుకున్నాం: అటు 6, ఇటు 9, ట్రేకి 54. మూడు ట్రేలకి 162. ముక్క కొంచెమే చిన్నదైంది. గోరువెచ్చగా ఉన్నప్పుడు స్కేలు పెట్టి గీతలు గీసి, గట్టిపడ్డాక నెయ్యి రాసిన కత్తితో అవే గీతల మీద కోశాం. పూర్తిగా చల్లారేదాకా ఆగితే విరిగి పొడి అవుతుంది, వేడి మీద కోస్తే మళ్లీ అతుక్కుంటుంది.

వడ్డన ఈసారి మూడో తరగతితోనే మొదలుపెట్టాం. ఆ బాబు ఇప్పుడు నాలుగో తరగతి. రెండోసారి కూడా వచ్చి చెయ్యి చాపాడు. ఇవ్వడానికి మా దగ్గర ముక్క ఉంది.