హాలు తలుపులు మూసేసిన కల

తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మా అమ్మమ్మ గట్టిగా నమ్మేది. నేను డిగ్రీ చదివి, బ్యాంకులో ఆఫీసరు ఉద్యోగం చేస్తున్నా ఆ నమ్మకం నన్ను పూర్తిగా వదల్లేదు. దానివల్ల నేను చేసిన తప్పుకు మా అమ్మాయి ఇబ్బంది పడింది. చదువు ముగించి ఇరవై ముప్పై ఏళ్లయినా పరీక్షకు ఆలస్యమైనట్టు కల వచ్చేవాళ్లు నా చుట్టూ చాలామంది ఉన్నారు. వాళ్లలో కొందరికైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నా కలలో ఎప్పుడూ ఇంటర్ రెండో సంవత్సరం లెక్కల పరీక్షే. తొమ్మిదింటికి మొదలవ్వాలి. ముందు హాల్‌టికెట్ కనబడదు. అది దొరికితే బస్సు కదలదు. ఎలాగో సెంటరుకు చేరితే గోడకు అంటించిన కాగితంలో నా నంబరు ఉండదు. ఏ గదో తెలియక వరండాలన్నీ తిరుగుతుంటాను. కిటికీల్లోంచి చూస్తే అందరూ తల వంచుకుని రాస్తుంటారు. ఏడాదంతా ఆ పుస్తకమే తెరవలేదన్న సంగతి అప్పుడు గుర్తొస్తుంది. చివరికి గది దొరికేసరికి, అడిషనల్ పేపర్లకు దారం కట్టుకోండని ఇన్విజిలేటరు చెబుతుంటారు. తలుపు దగ్గరే నిలబడిపోతాను. అక్కడ మెలకువ వస్తుంది. గుండె దడదడలాడుతుంటుంది. నాకు ఉద్యోగం ఉంది, పిల్లలున్నారు, ఆ పరీక్ష ఎప్పుడో ప్యాసయ్యాను అని గుర్తుచేసుకోవడానికి కాసేపు పట్టేది.

ఈ కల ఎక్కువగా మార్చిలో వచ్చేది. మార్చి అంటే పరీక్షల కాలం. పేపర్ల నిండా పరీక్షల వార్తలు, వీధుల్లో ప్యాడ్లు పట్టుకున్న పిల్లలు. వాటిని చూసి పాత భయం లేస్తోందనుకున్నాను. మా అమ్మాయి ఇంటర్‌కు వచ్చేదాకా ఆ అర్థంతోనే సరిపెట్టుకున్నాను.

అమ్మాయి పరీక్షలు మొదలయ్యే ముందు ఆ కల మళ్లీ వచ్చింది, అదీ తెల్లవారుజామునే. ఈసారి అది నాది కాదు, దానికోసం వచ్చిన హెచ్చరిక అని తీర్మానించేశాను. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరన్న నిబంధన అప్పట్లో ఉండేది. తెలంగాణలో ఇంటర్ బోర్డు ఆ నిబంధనను ఐదు నిమిషాలకు సడలించింది ఆ తరువాత, 2024లో. కాబట్టి నా భయానికి బయట కూడా ఆధారం దొరికింది. పొద్దున టిఫిన్ పెడుతూ, "నువ్వు వెళ్లేసరికి గేటు మూసేసినట్టు కలొచ్చిందమ్మా, జాగ్రత్త" అన్నాను. కలలో ఉన్నది నేనే అయినా దాని పేరు పెట్టి చెప్పాను. రోజూ నాలుగింటికే లేపేశాను. ఏడు గంటలకల్లా సెంటరు ముందు నిలబెట్టాను. గేటు తెరిచేదాకా ఆ పిల్ల ఎండలో, సరిగా తినకుండా నిలబడింది.

ఫలితాలొచ్చాక ఒకరోజు అదే చెప్పింది. లెక్కల పేపరు రాస్తున్నంతసేపూ గోడ గడియారం వైపే చూస్తూ ఉందట, తెలిసిన రెండు లెక్కలు చివర్లో వదిలేసిందట. "టైము అయిపోతుందేమోనని నీ కలే గుర్తొస్తూ ఉందమ్మా" అంది. అందులో కోపం లేదు. నాకు మాత్రం తల ఎత్తుకోవడం కష్టమైంది.

నా లెక్క తప్పని చూపించింది మా బ్రాంచిలో పనిచేసి రిటైరైన ఒక మేడమ్. మాటల్లో ఈ కల సంగతి వస్తే, "నాకూ వచ్చేది. ఇన్‌స్పెక్షన్ వాళ్లు వస్తున్నారంటే చాలు, ముందు రోజు రాత్రి పరీక్ష రాయడానికి పరిగెత్తేదాన్ని. రిటైరయ్యాక దాదాపు ఆగిపోయింది" అన్నారు. ఆమె పిల్లలు అప్పటికే స్థిరపడ్డారు. ఆమెకు మార్చితో పని లేదు. మరి నాకు మార్చి ఎందుకు? బ్యాంకువాళ్లకు మార్చి 31 ఖాతాల ముగింపు. ఆ వెంటనే ఆడిట్. ఇన్నేళ్లుగా రెండు మార్చిలను కలిపేసి, ఒకదాన్నే చూస్తున్నానన్నమాట.

ఆ తరువాత మంచం పక్కన ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాను. కల వచ్చిన రోజు తారీఖు రాసి, కింద రెండే విషయాలు రాసేదాన్ని: ఈ వారంలో నా పనిని ఎవరు చూసి తీర్పు చెప్పబోతున్నారు, ఏది ఇంకా తయారుగా లేదు. ఏడాది తిరిగాక వెనక్కి తిప్పి చూస్తే సంగతి తేటతెల్లమైంది. సెప్టెంబరు అర్ధసంవత్సరం ముగింపప్పుడు వచ్చింది, ప్రమోషన్ ఇంటర్వ్యూ ముందు వచ్చింది, మా అత్తగారి షష్టిపూర్తికి చుట్టాలందరూ దిగబోయే ముందు కూడా వచ్చింది. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ పరీక్షల్లేవు.

సిగ్మండ్ ఫ్రాయిడ్ 1899 చివర్లో వెలువరించిన కలల పుస్తకంలో ఈ పరీక్ష కల గురించి ప్రత్యేకంగా రాశాడు. మర్నాడు బాధ్యతగల పని ఏదో ఉండి, అందులో తప్పు జరుగుతుందేమోనన్న బెంగ ఉన్నప్పుడే ఇది వస్తుందని ఆయన పరిశీలన. నన్ను ఆలోచనలో పడేసింది ఇంకో మాట. ఆయన వైద్యవిద్యలో న్యాయవైద్యశాస్త్రం పరీక్ష నిజంగానే తప్పాడు. అది ఎన్నడూ కలలోకి రాలేదట. ప్యాసైన వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రమే వచ్చేవట. నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఫిజిక్స్ తప్పి సప్లిమెంటరీ రాశాను. అది ఒక్కసారీ కలలోకి రాలేదు. వచ్చేది ఎప్పుడూ మంచి మార్కులొచ్చిన లెక్కలే. ఫ్రాయిడ్ దీన్ని ఓదార్పుగా అర్థం చేసుకున్నాడు: అప్పుడూ ఇలాగే భయపడ్డావు, అయినా గట్టెక్కావు కదా, రేపూ అంతే అని మనసు చెబుతోందని. నిజంగా తప్పినవాళ్లకు ఈ కల రాదని ఆ పుస్తకంలో ఉన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. డిగ్రీ తప్పి చదువు మానేసిన మా బంధువు ఒకాయనకు ఆ తప్పిన పేపరే ఇప్పటికీ కలలోకి వస్తుంది. ఆయన విషయంలో అది ఓదార్పు ఎలా అవుతుంది?

తెల్లవారుజాము సంగతికి కూడా కారణం ఉంది. కథలా సాగే కలలు ఎక్కువగా, కళ్లు రెప్పల కింద చకచకా కదిలే నిద్రదశలో వస్తాయి. ఆ దశ రాత్రి మొదట్లో కొద్దిసేపే ఉంటుంది, తెల్లవారేకొద్దీ నిడివి పెరుగుతుంది. పైగా మెలకువ వచ్చేదీ అప్పుడే కాబట్టి ఆ కల గుర్తుండిపోతుంది. ఆ దశలో భయాన్ని నడిపే మెదడు భాగం చురుగ్గా ఉంటుంది, తర్కించి సరిచూసే భాగం మందగిస్తుంది. పరీక్ష ఎప్పుడో ప్యాసయ్యానన్న సంగతి కలలో తట్టకపోవడం అందువల్లే. అమ్మమ్మ గమనించింది నిజమే, తెల్లవారుజాము కలలు బలంగానే ఉంటాయి. అంతమాత్రాన అవి జరగబోయేది చెప్పవు.

పారిస్‌లో వైద్యవిద్య పోటీపరీక్ష రాసిన విద్యార్థుల మీద జరిగిన ఒక పరిశీలన 2014లో అచ్చయింది. ఏడు వందల మందికి పైగా జవాబిచ్చారు. పరీక్ష ముందు రోజు రాత్రి ఆ పరీక్షే కలలోకి వచ్చిందని వాళ్లలో దాదాపు అరవై శాతం మంది చెప్పారు. ఎక్కువ కలల్లో ఏదో ఒక అవాంతరం, ముఖ్యంగా ఆలస్యం కావడం, జవాబు మరచిపోవడం. ఫలితాలు చూస్తే అలా కలగన్నవాళ్లకే కాస్త మెరుగైన మార్కులు వచ్చాయి. కల వల్ల మార్కులు పెరిగాయని దీని అర్థం కాదు. బాగా పట్టించుకుని చదివినవాళ్లకే కలలు ఎక్కువ వచ్చి ఉండవచ్చు. ఏమైనా కలలో హాలు తలుపు మూసుకుంటే పొద్దున కూడా మూసుకుంటుందన్న లెక్క మాత్రం నిలవదు. ఇది నాకు ఆ రోజుల్లో తెలిసి ఉంటే మా అమ్మాయికి ఆ మాట చెప్పేదాన్ని కాదు.

ఇప్పుడు కల వస్తే ఏం చేస్తానో ఒక్క ఉదాహరణ చెబుతాను. నోటుబుక్కు మొదలుపెట్టిన తరువాతి ఫిబ్రవరి. కల వచ్చింది, లేచి కూర్చుని రాసుకున్నాను. ఎవరు చూడబోతున్నారు? వచ్చేవారం ఇన్‌స్పెక్షన్. ఏది తయారుగా లేదు? పెన్ను పెట్టగానే ఒక మిర్చి వ్యాపారి లోను ఫైలు గుర్తొచ్చింది. ప్రామిసరీ నోటుకు చట్టప్రకారం మూడేళ్ల గడువు. అది తీరేలోపు బాకీ ఒప్పుకుంటున్నట్టు రాతపూర్వకంగా సంతకం తీసుకోవాలి, అప్పుడు గడువు మళ్లీ మొదటినుంచి లెక్కకొస్తుంది. గడువు దాటిపోతే కోర్టులో బాకీ వసూలు చేసుకునే హక్కుకే ముప్పు. ఆయన మార్కెట్ సీజన్‌లో తీరిక లేదంటే, రేపు చూద్దాం అంటూ ఆ ఫైలును బల్లమీద కిందికి జరుపుతూ వచ్చాను. ఇంకా కొద్ది రోజుల గడువే ఉంది. ఆ పొద్దున్నే ఫోన్ చేసి, మధ్యాహ్నం ఖమ్మం మిర్చి యార్డుకే కాగితం పట్టుకెళ్లి, బస్తాల మధ్య నిలబడి సంతకం తీసుకున్నాను. మిర్చి ఘాటుకు ఇద్దరికీ తుమ్ములు ఆగలేదు.

కల నాకు ఫైలు చూపించిందని అనను. ఆ ఫైలు సంగతి నాకు ముందే తెలుసు, తెలిసే పక్కన పెట్టాను. అన్నిసార్లూ ఇలాంటి ఫైలు దొరకదు కూడా. ప్రమోషన్ ఇంటర్వ్యూ ముందు వచ్చినప్పుడు ఎంత వెతికినా మిగిలిన పని ఏదీ కనబడలేదు. చదవాల్సినవి చదివాను, కాగితాలు సర్దుకున్నాను. అప్పుడది ఉత్త భయమే. నోటుబుక్కులో 'ఏమీ లేదు' అని రాసి, మంచినీళ్లు తాగి పడుకున్నాను. ఈ రెండింటినీ విడదీయడం నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఎప్పుడో ఒకసారి వచ్చే కలకు ఇంతకన్నా అక్కర్లేదు. వారంలో చాలా రాత్రులు అదే కలతో లేస్తుంటే, నిద్రపోవడానికే భయమేస్తుంటే, పగలు పని సాగకపోతే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లాలి. మెలకువగా ఉన్నప్పుడు కల ముగింపును మార్చి రాసుకుని, ఆ కొత్త కథను రోజూ కాసేపు మనసులో నడిపించే పద్ధతిని వాళ్లు నేర్పుతారు. మాటిమాటికీ వచ్చే పీడకలలకు అది పనిచేస్తుంది.

ఇక ఇంట్లో పరీక్షలు రాసే పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక మాట. మీకు ఈ కల వస్తే ముందు మీ ఆఫీసులో, మీ పనుల్లో వెతకండి. పిల్లలకు మాత్రం చెప్పకండి.