తెలుగు పలక మీద ఫ్రెంచి అక్షరాలు

యానాంలో పుట్టి పెరిగిన మాలాంటి వారికి ఫ్రెంచి పరాయి భాషా కాదు, వచ్చిన భాషా కాదు. 1954 వరకు మా ఊరు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. తాతలనాటి జనన పత్రాలు కొన్ని ఇళ్లల్లో ఇప్పటికీ ట్రంకుపెట్టెల అడుగున ఉన్నాయి. చదివిపెట్టేవారే లేరు.

ఒక వేసవిలో ఎనిమిదో తరగతి తెలుగు మీడియం పిల్లలు పన్నెండు మందికి ఫ్రెంచి మొదలుపెట్టే పని నా మీద పడింది. వారిలో ఒక అమ్మాయి పెదనాన్నగారి కుటుంబం ఫ్రాన్సులో ఉంటుంది. అక్కడి పిల్లలకు తెలుగు రాదు. ఫోనులో ఈ అమ్మాయి "బోఁజూర్" అని ఆగిపోతుంది, వాళ్లూ "బోఁజూర్" అని ఆగిపోతారు. "దీనికి ఇంగ్లీషే అంతంతమాత్రం మాస్టారూ, ఫ్రెంచి ఎలా వస్తుంది?" అన్నారు వాళ్ల నాన్నగారు. ఫ్రెంచికి ఇంగ్లీషు గుమ్మం గుండానే వెళ్లాలని ఆయన అనుకున్నారు. తెలుగు గుమ్మం గుండా వెళితే దగ్గరని నా నమ్మకం. ముప్పావుగంట చొప్పున మూడు తరగతులకు నేను వేసుకున్న పాఠ ప్రణాళిక ఇది.

మొదటి తరగతి అక్షరాలకు. ఇరవై ఆరు అక్షరాలూ పిల్లలకు తెలిసినవే. చిక్కంతా పేర్లలో ఉంది. అందుకని వరుస క్రమంలో కాక, పేరు చివరి అచ్చును బట్టి గుంపులు చేసి పలికించాను. బే, సే, దే, జే, పే, తే, వే ఒక గుంపు. ఎఫ్, ఎల్, ఎమ్, ఎన్, ఎర్, ఎస్ ఇంకొకటి. ఇక్కడే తెలుగు పిల్లలకు ఒక సులువు దొరుకుతుంది. ఇంగ్లీషు పాఠంలో ట, డ అని నేర్చిన చోట ఫ్రెంచివారు మన త, ద లాగే నాలుకను పళ్లకు ఆనించి పలుకుతారు. "ట మానేసి త అనండి" అంటే చాలు.

చిక్కు ఎక్కడంటే, ఇంగ్లీషు 'జి'ని ఫ్రెంచివారు జే అంటారు, ఇంగ్లీషు 'జే'ని జి అంటారు. ఇంగ్లీషు 'ఐ' వారికి ఇ. ఇంగ్లీషు 'ఇ' పేరు మాత్రం మనకు లేని ధ్వని, ఎ అనబోతూ పెదవులు గుండ్రంగా చుడితే వస్తుంది. పిల్లలకు ఇది పట్టిందో లేదో చూడటానికి గిరిజ అన్న పేరు మంచి పరీక్ష. జే, ఇ, ఎర్, ఇ, జి, ఆ అని నేను అక్షరాలు చదువుతాను, వాళ్లు పలక మీద రాస్తారు. ఇంగ్లీషు చెవితో విన్నవాడి పలక మీద గిరిజ కాస్తా 'జెరెగ' అవుతుంది. మొదటి రోజు ఏడుగురి పలకల మీద జెరెగే ఉంది, అందరం నవ్వుకున్నాం. ఆపైన ఒకరి పేరు మరొకరికి చెప్పి రాయించడమే ఆ రోజు పని. ఈ జే, జి లలోని జ మన జ కాదని కూడా అప్పుడే చెప్పాలి. 'షాపు'లో మొదటి ధ్వనిని సాగదీస్తూ గొంతు మోగిస్తే అది వస్తుంది. గొంతు మీద వేలు పెట్టుకుంటే మోగుతున్నదీ లేనిదీ తెలుస్తుంది.

రెండో తరగతి అక్షరాల మీది గుర్తులకు. వీటిని ఆక్సాఁ అంటారు. ఈ మాట వినగానే ఊనికనో యాసనో అనుకుంటారు. ఇవి ఊనికను చూపవు. మన గుణింతపు గుర్తుల్లాగా రాతలోనే భాగం. ఇంగ్లీషు పిల్లవాడికి ఇది అదనపు బరువు, తలకట్టు, ఏత్వం, ఐత్వం పెట్టి పెరిగిన పిల్లవాడికి కొత్త కాదు.

ముఖ్యమైనవి రెండు, రెండూ ఇంగ్లీషు 'ఇ' అక్షరం మీదివే. కుడివైపుకు ఎగసే గీతను ఎగ్యూ అంటారు, ఎడమనుంచి కిందికి జారే గీతను గ్రావ్ అంటారు. మొదటిది మూసిన ఏకారం, రెండోది తెరిచిన ఏకారం. ఈ తేడా పిల్లల నోట్లో ఇదివరకే ఉంది. 'పేరు' అనండి, 'మేక' అనండి. రాసేది ఒకే ఏత్వం, కానీ మేక దగ్గర దవడ మరికాస్త కిందికి దిగుతుంది. గడ్డం కింద అరచెయ్యి పెట్టుకుని చూస్తే తెలుస్తుంది. పేరులోని ఏకారం ఎగ్యూ, మేకలోని ఏకారం గ్రావ్. సాగదీయకుండా పలకాలి, అంతే.

తక్కిన గుర్తులకు ఒక్కొక్క మాట చాలు. టోపీలాంటి గుర్తు చాలాచోట్ల పోయిన 'స'కారానికి ఆనవాలు. ఆస్పత్రిని ఒపితాల్ అంటారు, మన 'ఆస్పత్రి'లో నిలిచిన స అక్కడ రాలిపోయి ఒ నెత్తిన టోపీ మిగిలింది. 'సి' అక్షరం కింద తోకలాంటి గుర్తు ఉంటే దాన్ని క అని కాక స అని చదవాలి. పాఠం అనే అర్థమున్న లసోఁ అన్న మాటలో అది ఉంది. పక్కపక్కన రెండు చుక్కలున్న అచ్చును ముందుదానితో కలపక విడిగా పలకాలి.

మూడో తరగతి బడి మాటలకు. ఏకూతే అంటే వినండి. అసెయే వూ అంటే కూర్చోండి. రేపేతే అంటే మళ్లీ చెప్పండి. ఈ మూడో మాట దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. ఒక్క పిల్లవాడితో అయితే రేపేతే అనరు, రేపెత్ అంటారు. ఇంగ్లీషులో ఈ తేడా చూపలేం. మనకు చెప్పు, చెప్పండి ఉన్నాయి. నువ్వుకు త్యూ, మీరుకు వూ. వూ గౌరవానికీ పదిమందికీ కూడా వస్తుంది, అచ్చం మీరు లాగే. "మాస్టారితో ఏది అంటారు?" అని అడిగితే పన్నెండు మందీ ఒక్కసారిగా "వూ" అన్నారు.

ఇప్పుడు రాత చూపించాలి. రేపేతేలో మొదటి రెండు ఏకారాల మీదా ఎగ్యూ ఉంటుంది. రేపెత్‌లో మొదటిది ఎగ్యూగానే ఉండి, రెండోది గ్రావ్ అవుతుంది, చివర గుర్తులేని 'ఇ' అక్షరం ఒకటి పలకకుండా మిగులుతుంది. ఆ మూగ అక్షరం తరువాత ఉన్నందుకే ముందున్న ఏకారం తెరుచుకుంది. పేరు, మేకలలోనూ తరువాతి అచ్చే కదా ఏకారాన్ని మూసిందీ తెరిచిందీ! ఈ పోలిక చెప్పాక గీత ఎటు వాలాలన్న సందేహం చాలావరకు తీరింది.

తెలుగు అడ్డుపడే చోటూ ఇదే. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి గనుక పిల్లలు రేపెత్తు అంటారు. చివర 'ఉ' వినబడితే ఆపి, "పొల్లు పెట్టండి" అంటాను. పొల్లు తెలిసినవారికి అంతకన్నా వివరణ అక్కర్లేదు. పెదవులు ఊలా చుట్టి లోపల ఈ పలకాల్సిన త్యూలోని అచ్చుకూ, గొంతులో గరగరలాడే రకారానికీ మాత్రం తెలుగు సాయం చెయ్యదు. వాటిని చెవితో విని, అద్దంలో పెదవులు చూసుకుని సాధించాలి.

ఇంకో నియమం. తెలుగులో ఉచ్చారణ బోర్డు మీద రాస్తాను, గంట కొట్టేలోగా తుడిచేస్తాను. నోటుబుక్కులోకి దాన్ని ఎక్కనివ్వను. ఎక్కితే పిల్లవాడు ఫ్రెంచి మాట వంక చూడడు, పక్కనున్న తెలుగే చదువుతాడు, ముక్కుతో పలికే అచ్చు అరసున్న దగ్గరే ఆగిపోతుంది.

మూడు తరగతులతో భాష రాదు. ఆ అమ్మాయి ఆ ఆదివారం ఫోనులో తన పేరు అక్షరం అక్షరంగా చెప్పింది, అవతలివాళ్లు సరిగ్గా రాసుకున్నారు. వాళ్లేదో గబగబా అంటే "రేపెత్" అంది. తన ఈడు పిల్లలతో వూ అనక్కర్లేదని ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంది. వాళ్లు మళ్లీ చెప్పారు, ఈసారి నెమ్మదిగా.